ఇద్దరు మగపిల్లలకీ ఏమీ లేదు, మరి మూడో కాన్పుకి హీమోఫిలియా భయం ఉందా?

ప్రశ్న: నాకు 30 ఏళ్లు. మా తమ్ముడికి రక్తం సరిగ్గా గడ్డకట్టని జబ్బు, సివియర్ హీమోఫిలియా ఎ ఉంది, మా మేనమామకీ ఉండేది. నాకు ఇద్దరు మగపిల్లలు, 7, 4 ఏళ్లు, ఇద్దరూ బాగున్నారు. మూడో బిడ్డ కావాలనుకుంటున్నాం. నేను ఈ జబ్బు జీన్‌ని మోసే క్యారియర్ అయ్యే చాన్స్ సగం అని ఒకరు, అసలు లేదని ఒకరు అంటున్నారు. ఏది నమ్మాలి?

డాక్టర్ సలహా: రెండూ కాదమ్మా, మీ రిస్క్ ఐదింట ఒకటి, అంటే 20 శాతం. తమ్ముడికీ మేనమామకీ ఇద్దరికీ ఉందంటే మీ అమ్మగారు క్యారియరే, ఆమె రెండు ఎక్స్ క్రోమోజోముల్లో ఒకటి దెబ్బతిన్నది, మీకు ఏది వచ్చిందో తెలీదు కాబట్టి మీరు పుట్టినప్పుడు రిస్క్ సగమే. సగం అన్నాయన అక్కడే ఆగిపోయారు, మీ పిల్లల్ని లెక్కలోకి తీసుకోలేదు.

మీలాంటి ఆడవాళ్లు 80 మంది, ఒక్కొక్కరికీ ఇద్దరేసి కొడుకులు అనుకోండి. అందులో 40 మంది క్యారియర్లు. క్యారియర్ తల్లికి పుట్టిన కొడుకు జబ్బు తప్పించుకునే చాన్స్ ప్రతిసారీ సగమే కాబట్టి 40లో 20 మందికి పెద్దాడు బాగుంటాడు, ఆ 20లో 10 మందికే చిన్నాడు కూడా బాగుంటాడు. క్యారియర్లు కాని 40 మందికీ ఇద్దరూ బాగానే ఉంటారు. అంటే ఇద్దరూ బాగున్న తల్లులు 50 మంది, వాళ్లలో క్యారియర్లు 10 మంది. మీరు ఆ 50లో ఒకరు, అందుకే 20 శాతం. పిల్లలు బాగున్నంత మాత్రాన మీ జీన్ మారిపోదు, దాని గురించి మనకి తెలిసింది పెరిగింది, అంతే. ఈసారి బాబైతే జబ్బు వచ్చే రిస్క్ 10 శాతం, బాబో పాపో తెలీనప్పుడు 5 శాతం.

మీ ఇంట్లో ఉన్నది సివియర్ రకం కాబట్టే ఈ లెక్కని నమ్ముతున్నాను, ఆ రకమైతే పాకే వయసులోనే ఒంటి మీద నల్లగా కమిలిన మచ్చలు, నడక మొదలయ్యాక మోకాలు వాయడం కనిపించేవి. మైల్డ్ రకమైతే పన్ను పీకించేదాకా బయటపడకపోవచ్చు, అప్పుడు బాగున్నారు అన్న మాటని ఇంత గట్టిగా తీసుకోలేం.

20 శాతం దగ్గర ఆగిపోకండి. రక్తం గడ్డకట్టించే ప్రోటీన్‌ని కొలిచే ఫ్యాక్టర్ 8 టెస్ట్ నార్మల్ వచ్చినా క్యారియర్ కాదని కాదు, పైగా గర్భంతో ఉన్నప్పుడు ఆ ఫ్యాక్టర్ పెరుగుతుంది. అందుకే ప్రెగ్నెన్సీకి ముందే, మొదట మీ తమ్ముడి రక్తంతో జీన్ టెస్ట్ చేయించండి, సివియర్ కేసుల్లో దాదాపు సగం మందిలో ఇంట్రాన్ 22 ఇన్వర్షన్ అనే మార్పు ఉంటుంది కాబట్టి ల్యాబ్‌వాళ్లు మొదట దాన్నే చూస్తారు. ఆయనలో దొరికిన మార్పు మీలో లేకపోతే ఈ భయం ఇంచుమించు పోయినట్టే. ఉంటే 11 నుంచి 13 వారాల మధ్య మాయ నుంచి చిన్న ముక్క తీసి చూసే సీవీఎస్ టెస్ట్‌తో బిడ్డకి ఉందో లేదో చూడొచ్చు, మీ ఫ్యాక్టర్ లెవెల్ కూడా డెలివరీ చేసే డాక్టర్‌కి ముందే చెప్పాలి, ఎందుకంటే కొందరు క్యారియర్లకి కాన్పు తర్వాత బ్లీడింగ్ ఎక్కువ అవుతుంది.