ఓనరుని అడిగే ముందు మెట్లు కొలుచుకో

అమ్మాయీ,

గుమ్మం ముందు ర్యాంపు కట్టించమని ఓనరుని అడుగుతానని, ఖర్చులో సగం పెట్టుకుంటానని రాశావు. తప్పకుండా అడుగు. కానీ ముందు టేపు తీసుకుని మెట్లు కొలిపించు.

ర్యాంపుకి అంగుళం ఎత్తుకి అడుగు పొడవు కావాలి. మీకు మూడు మెట్లున్నాయన్నావు. ఒక్కోటి 6 అంగుళాలైతే మొత్తం 18 అంగుళాల ఎత్తు, అంటే 18 అడుగుల ర్యాంపు. పైన తలుపు ముందు నిలబడడానికి మరో 5 అడుగుల చదునైన చోటు ఉండాలి. గేటు నుంచి గుమ్మానికి 10 అడుగులే ఉందంటున్నావు కదా, అందులో ఇరికించి కడితే ఏటవాలు బాగా ఎక్కువైపోతుంది. నేల తడిసిన రోజు దిగడమే కష్టం. పైగా నువ్వు వాడేది చేతికర్ర, వీల్‌చైర్ కాదు. మోకాలు సరిగా వంగని నాకైతే వాలు మీద నడవడం కన్నా ఆసరా ఉన్న మెట్లే నయమనిపించాయి.

అందుకే రెయిలింగ్ అడుగు. రెండు వైపులా అడుగు, ఎందుకంటే ఎక్కేటప్పుడు కుడిచేతికి అందేది దిగేటప్పుడు ఎడమచేతి వైపు ఉంటుంది. మెట్టు అంచు నుంచి సుమారు 3 అడుగుల ఎత్తులో, గుప్పిట్లో ఇమిడే గుండ్రటి పైపు ఉండాలి. కింది మెట్టు దగ్గరే ఆపేయకుండా మరో అడుగు ముందుకు సాగనివ్వాలి. చాలామంది పైపు మిగులుతుందని అక్కడే కోసేస్తారు. చివరి అడుగు వేసేటప్పుడే మనకి పట్టు కావాలి, మరిచిపోకు.

నా పాత ఇంట్లో రెయిలింగ్‌ని పై ప్లాస్టరింగులోకే చిన్న స్క్రూలతో బిగించారు. రెండు నెలలకే ఊగడం మొదలైంది. బోల్టులు ఇటుకలోకి లోతుగా దిగాలి. బిగించాక నువ్వు ఎక్కకముందే, బలంగా ఉన్నవాళ్ళెవరినైనా తమ బరువంతా వేసి లాగి చూడమను. పైపుని గోడకి బిగించిన ఇనుప బిళ్ళ చుట్టూ సన్న పగులు కనిపించినా, పొడి రాలినా మళ్ళీ బిగించాల్సిందే.

డబ్బు విషయంలో నేను ఇంకో పొరపాటు చేశాను. అంతా నోటిమాట మీదే నడిపాను. ఇల్లు ఖాళీ చేసేటప్పుడు గోడ కన్నాలు పూడ్చడానికని అడ్వాన్సులో కోత పెట్టారు. నువ్వు ముందు వెల్డరు చేత ఎస్టిమేటు రాయించుకుని, దాంతో పాటు ఓనరుకి ఇలా రాసివ్వు:

"మెట్లు ఎక్కి దిగడానికి ఇబ్బందిగా ఉంది. రెండు వైపులా రెయిలింగ్ పెట్టించుకోవడానికి అనుమతి ఇవ్వగలరు. ఎస్టిమేటు జతపరిచాను. అందులో సగం నేను ఇస్తాను. నేను వెళ్ళాక రెయిలింగ్ మీకే ఉంటుంది. మీకు వద్దంటే నా ఖర్చుతో తీయించి, గోడ సరిచేయిస్తాను. మధ్యలో రిపేరు వస్తే ఇద్దరం సగం సగం భరిద్దాం."

కింద ఆయన చేత సంతకం చేయించుకో. నీ సగం ఇచ్చాక రసీదు తీసుకో. అద్దెలో తగ్గించుకోమని ఆయనంటే, ఏ నెలలో ఎంత తగ్గుతుందో అదే కాగితం మీద రాయించు. అది లేకుండా మాత్రం నీ అంతట నువ్వు అద్దె తగ్గించి కట్టకు.

మెట్ల కొలతలు రాగానే నాకు పంపు. వెల్డరుకి ఏం చెప్పాలో నేను రాసిస్తాను.

మీ పెద్దమ్మ