సూత్రం వచ్చిన అబ్బాయికి లెక్క ఎందుకు తప్పింది?

ప్రశ్న: మా అబ్బాయి బెంగళూరులో ఎంబీఏ ఫైనాన్స్ చదువుతున్నాడు. సూత్రాలన్నీ వచ్చంటాడు, కానీ డెరివేటివ్స్ ఇంటర్నల్ పరీక్షలో పుట్-కాల్ పారిటీ లెక్క తప్పాడు. జవాబు పత్రం జత చేశాను. పైగా ఆప్షన్స్ ట్రేడింగే కెరీర్ అంటూ ఒక కోర్సుకు డబ్బు అడుగుతున్నాడు. ట్యూషన్ పెట్టించాలా, ఆ కోర్సులో చేర్చాలా?
– ఒక తండ్రి, మారతహళ్లి, బెంగళూరు

జవాబు: జవాబు పత్రం చూశాను. అబ్బాయికి ఈ సబ్జెక్టు రాదేమోనన్న మీ భయానికి అందులో ఆధారమేమీ లేదు. ఆయన రెండే తప్పులు చేశారు. గడువు రోజున చేతికొచ్చే మొత్తాన్ని చూపే పేఆఫ్ బొమ్మ కాగితం మీద గీసి ఉంటే, ఆ రెండూ అక్కడికక్కడే బయటపడేవి.

లెక్కలో షేరు ధర 510 రూపాయలు, ఆప్షన్‌లో ముందే ఒప్పుకున్న ధర అయిన స్ట్రైక్ 525, గడువు ఒక సంవత్సరం, వడ్డీ ఏడాదికి 5 శాతం. డివిడెండ్ లేదు, కాల్, పుట్ రెండూ గడువు రోజునే వాడుకోగల యూరోపియన్ ఆప్షన్లే. స్ట్రైక్ ధరకు షేరు కొనే హక్కు అయిన కాల్ 40కి, అదే ధరకు అమ్మే హక్కు అయిన పుట్ 22కి దొరుకుతున్నాయి. పారిటీ అంటే కాల్, పుట్ ధరల మధ్య ఉండవలసిన సమానత; దాని ప్రకారం C + PV(K) = P + S కావాలి. ఇందులో C కాల్ ధర, P పుట్ ధర, S షేరు ధర, PV(K) స్ట్రైక్‌కు నేటి విలువ. సంవత్సరం తరువాతి 525కి నేటి విలువ 500 కనుక ఎడమవైపు 540, కుడివైపు 532. పుట్ ఉండవలసిన 30 కంటే 8 రూపాయలు చవకగా ఉంది. అబ్బాయి మాత్రం స్ట్రైక్‌ను 525గానే ఉంచి, ఎడమవైపు 565 వేసి, లాభం 33 అని రాశారు. ఆ తరువాత షేరు కొని, పుట్ కొని, కాల్ కూడా కొన్నారు.

ముందు రెండో తప్పు, అంటే కాల్ కొనడం, చూద్దాం. గడువు రోజున షేరు ధరను అడ్డగీత మీద వేసి, 525 దగ్గర గుర్తు పెట్టండి. ఆ గుర్తుకు ఎడమన షేరు రూపాయి పడితే పుట్ రూపాయి పెరుగుతుంది, కాబట్టి మొత్తం సమతలంగా ఉంటుంది. కుడివైపున షేరు, కాల్ రెండూ పెరగడంతో గీత రెట్టింపు వాలుతో పైకి లేస్తుంది. ధరల తేడా నుంచి రిస్కు లేకుండా లాభం తీసే ఆర్బిట్రేజ్‌లో షేరు ఎటు కదిలినా ఫలితం మారకూడదు కనుక, గీత లేచిందంటే ఏదో ఒక లావాదేవీ దిశ తప్పినట్లే. కాల్‌ను అమ్మి చూడండి. ధర 400 అయితే షేరు 400, పుట్ 125, కలిపి 525. ధర 600 అయితే షేరు 600లోంచి కాల్ కొన్నవారికి 75 పోగా మళ్లీ 525. గీత ఈ చివర నుంచి ఆ చివరకు సమతలంగా నిలిచింది.

మొదటి తప్పు, అంటే స్ట్రైక్‌ను నేటి విలువకు మార్చకపోవడం, కొంచెం లోతుగా దాగి ఉంటుంది. బొమ్మ గడువు రోజుది, ధరలు నేటివి. మధ్యనున్న వడ్డీని బొమ్మ తనంతట చెప్పదు. అందుకే తీర్చవలసిన అప్పును కూడా అదే బొమ్మలో గీతగా వేయమంటాను. 33 రూపాయలు నేడు జేబులో పడాలంటే అబ్బాయి 525 అప్పు తేవాలి, తీర్చవలసింది 551.25. చేతికొచ్చే గీత 525 దగ్గరే ఉంది కనుక 26.25 తక్కువ పడుతుంది. 500 మాత్రమే తెస్తే తీర్చవలసింది సరిగ్గా 525, రెండు గీతలూ కలుస్తాయి. నేడు 532 ఖర్చుకు అప్పు, కాల్ అమ్మిన సొమ్ము కలిపి 540 చేతికొచ్చి 8 మిగులుతుంది.

ఒక జాగ్రత్త మాత్రం అవసరం. ఆప్షన్ ధరను, అంటే ప్రీమియంను, తీసేసిన లాభనష్టాల బొమ్మ వేరు, పేఆఫ్ బొమ్మ వేరు. పారిటీని సరిచూడడానికి రెండోదే గీయాలి. రెండింటినీ కలిపితే సరైన జవాబు కూడా తప్పుగా కనిపిస్తుంది. డివిడెండ్ ఉంటే షేరు ఉన్నవైపు గీత ఆ మేరకు పైకి జరుగుతుంది, కాబట్టి దాని నేటి విలువను S నుంచి తీసివేయాలి. గడువులోపు ఎప్పుడైనా వాడుకోగల అమెరికన్ ఆప్షన్లకు ఈ సమీకరణం యథాతథంగా వర్తించదు.

ఇక ఆ కోర్సు సంగతి. పరీక్షలోని 8 రూపాయలు ట్రేడింగ్ తెర మీద ఎవరి కోసమూ ఎదురుచూడవు. బ్రోకరేజీ, పన్నులు, కొనుగోలు-అమ్మకం ధరల తేడా వాటిని మింగేస్తాయి, మిగిలినది వేగవంతమైన యంత్రాలున్న సంస్థలు అందుకుంటాయి. 2021-22 నుంచి 2023-24 వరకు ఫ్యూచర్స్, ఆప్షన్స్ విభాగంలో 100 మంది వ్యక్తిగత ట్రేడర్లలో 93 మంది నష్టపోయారని మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ 2024లో ప్రకటించింది. ట్యూషన్‌నూ, ఈ కోర్సునూ మీరు ఒకే త్రాసులో ఎలా వేశారో నాకు అర్థం కాలేదు. ఒకటి చదువు ఖర్చు, రెండోది ఆదాయం వస్తుందన్న ఆశకు కడుతున్న రుసుము. అబ్బాయి అడిగారు కదా అని మీరు తలూపితే, రేపు ట్రేడింగ్ ఖాతాలో వేసే డబ్బుకూ తలూపవలసి వస్తుంది. ఈ లెక్కలు బాగా వచ్చినవారికి బ్యాంకుల ట్రెజరీల్లోనూ, ఈ నగరంలోనే ఉన్న రిస్క్ విభాగాల్లోనూ జీతమిచ్చే పనులున్నాయి; ఆ మాట ఆయనకు ముందు మీరే చెప్పవలసింది.

ట్యూషన్ కూడా ఇప్పుడే వద్దు. ఇదే లెక్కలో పుట్ ధర 38 అని మార్చి ఇవ్వండి. ఈసారి పుట్ వైపు 548, అంటే 8 ఎక్కువ. ఆయన పుట్ అమ్మి, అరువు తెచ్చిన షేరు అమ్మి, కాల్ కొని, 500 వడ్డీకి ఇవ్వాలి. షేరు, పుట్, కాల్ కలిసిన గీత సున్నాకు కింద 525 దగ్గర సమతలంగా వచ్చి, తిరిగొచ్చే 525 దాన్ని సరిగ్గా రద్దు చేస్తే, ఆ కాగితాన్ని నాకు పంపండి.