మందు తాగిన రాత్రి పల్స్ దిగకపోతే.. ఆ మాత్ర మాత్రం వద్దు

ప్రశ్న: నా వయసు 41, బరువు 78 కిలోలు. మామూలు రోజుల్లో నిద్రలో పల్స్ 57, హెచ్‌ఆర్‌వీ 44 దాకా చూపిస్తుంది. శనివారం ఫ్రెండ్స్‌తో రాత్రి 9 నుంచి 11.30 లోపు మూడు లార్జ్ విస్కీ తీసుకుంటాను. ఆదివారం పొద్దున చూస్తే పల్స్ 69, హెచ్‌ఆర్‌వీ 21. వాచీ తప్పు చూపిస్తోందా? మా కొలీగ్ దడకి ప్రొప్రనొలాల్ 40 వాడతాడు. శనివారం రాత్రి అదొకటి వేసుకుంటే సరిపోతుందా? చిన్నప్పుడు ఉబ్బసం ఉండేది, ఇప్పుడు చలికాలంలోనే ఇన్‌హేలర్ వాడతాను. తాగిన రాత్రి గురక మరీ ఎక్కువని మా ఆవిడ అంటోంది.
– ఒక పాఠకుడు, హైదరాబాద్

జవాబు: ముందు ఆ మాత్ర సంగతి. వేసుకోకండి. ఇప్పటికే ఒకటి రెండు వేసుకుని ఉంటే ఇక ముట్టుకోకండి. ఉబ్బసం ఉన్నవాళ్లకి ప్రొప్రనొలాల్ ఇవ్వం. అది గుండెలోని బీటా రిసెప్టర్లనే కాదు, ఊపిరి గొట్టాల్లో ఉన్నవాటినీ మూసేస్తుంది. దాంతో గొట్టాలు బిగుసుకుంటాయి. మామూలుగా ఆయాసానికి వాడే సాల్బుటమాల్ ఇన్‌హేలర్ పనిచేసేది కూడా సరిగ్గా ఆ రిసెప్టర్ల మీదే. అవి మూసుకుపోయాక ఎన్ని పఫ్‌లు తీసుకున్నా ఆయాసం తగ్గకపోవచ్చు.

పెళ్లిలో టెన్షన్‌గా ఉందని స్నేహితుడి దగ్గర ఈ మాత్రే అడిగి వేసుకున్న ఒకాయన్ని తెల్లవారుజామున మా దగ్గరికి తీసుకొచ్చారు. మాట పూర్తి చెయ్యలేకపోతున్నాడు, చేతిలో ఇన్‌హేలర్ గట్టిగా పట్టుకుని ఉన్నాడు. ‘అప్పుడెప్పుడో చిన్నప్పుడు ఉబ్బసం’ అని వాళ్లావిడ చెప్పింది. బతికి బయటపడ్డాడు. మీరూ అదే మాట రాశారు కాబట్టి ఇంత గట్టిగా చెబుతున్నాను. చలికాలంలో ఇన్‌హేలర్ పడుతోందంటే ఉబ్బసం పోలేదు, ఉన్నట్టే. ఒకరికి రాసిన మాత్ర ఇంకొకరు వేసుకోవడం ఎప్పుడూ మంచిది కాదు, మీ విషయంలో అయితే ప్రమాదం.

పైగా మాత్రతో మీ వాచీలో అంకె దిగినా, ఒంట్లో జరిగేది ఆగదు. జ్వరం తగ్గాలని థర్మామీటర్‌ని చన్నీళ్లలో ముంచినట్టు ఉంటుంది అది.

వాచీ తప్పేం చూపించడం లేదనే నా అభిప్రాయం. నిద్రపోగానే వేగస్ నరం గుండెకి కళ్లెం వేస్తుంది. పల్స్ నెమ్మదిస్తుంది. ఊపిరి పీల్చినప్పుడు కొట్టుకోవడం కాస్త తొందరపడుతుంది, వదిలినప్పుడు కాస్త నిదానిస్తుంది. ఒక దెబ్బకీ ఇంకో దెబ్బకీ మధ్య ఉండే ఈ తేడానే వాచీ హెచ్‌ఆర్‌వీగా లెక్కేస్తుంది. మందు ఒంట్లో ఉన్నంతసేపూ ఆ కళ్లెం సడలిపోతుంది, గుండెని పరిగెత్తించే నరాలది పైచేయి అవుతుంది. చర్మంలో రక్తనాళాలు విచ్చుకుంటాయి. తాగాక ఒళ్లు వెచ్చగా అనిపించేది అందుకే. అప్పుడు బీపీ నిలబెట్టడానికి గుండె ఎక్కువసార్లు కొట్టుకోవాలి. అలా తొందరగా కొట్టుకునే గుండెలో దెబ్బల మధ్య తేడా చూపడానికి చోటే ఉండదు. అందుకే ఒక అంకె పెరిగితే రెండోది తగ్గుతుంది.

మీ శనివారం లెక్కే చూద్దాం. లార్జ్ అంటే 60 ఎం.ఎల్. మన దగ్గర విస్కీలో ఆల్కహాల్ సాధారణంగా 42.8 శాతం. అంటే ఒక్కో పెగ్గులో సుమారు 20 గ్రాములు, మూడింటికి 60 గ్రాములు. కాలేయం గంటకి ఏడు నుంచి పది గ్రాముల దాకా కరిగిస్తుంది, మనిషిని బట్టి మారుతుంది. ఎనిమిది అనుకుంటే 60 గ్రాములకి ఏడున్నర గంటలు. 9కి మొదలుపెట్టారు కాబట్టి తెల్లవారుజాము 4.30. మీరు 12కి పడుకున్నారనుకున్నా, నిద్రలో మొదటి నాలుగున్నర గంటలూ ఒంట్లో మందు ఉన్నట్టే. వాచీ యాప్‌లో ఆ రాత్రి పల్స్ గీత తీసి చూడండి. మామూలు రోజున అది పడుకోగానే దిగడం మొదలుపెట్టి సగం నిద్ర అయ్యేసరికే కిందికి చేరుతుంది. శనివారం మాత్రం పైనే సాగి, తెల్లవారబోతుండగా దిగుతుంది. పొద్దున మీకు కనిపించే 69 ఆ రాత్రి మొత్తానికి సగటు అయితే, మొదటి సగం అంతకంటే పైనే ఉండి ఉంటుంది. నీళ్లు తాగినా, నిమ్మరసం తాగినా కాలేయం తొందరపడదు. ముందుగా మొదలుపెట్టి, తక్కువ తాగి, చాలా గంటల తర్వాత పడుకుంటే తేడా తగ్గుతుంది. మానేస్తే ఆ తేడా ఉండదు.

ఫిన్లాండ్‌లో నాలుగు వేల మందికి పైగా ఉద్యోగులను ఇలాగే పరిశీలించి 2018లో ప్రచురించారు. ఎక్కువ తాగిన రాత్రుల్లో నిద్ర మొదటి మూడు గంటల్లో పల్స్ సగటున తొమ్మిది దాకా పెరిగింది, కొద్దిగా తాగినా కొంత తేడా కనిపించింది. వ్యాయామం చేసేవాళ్లకీ, వయసులో చిన్నవాళ్లకీ మినహాయింపు దొరకలేదు. మీ బరువుకి మూడు లార్జ్‌లు అందులో ఎక్కువ మోతాదు కిందికే వస్తాయి. మీకు పన్నెండు పెరిగింది. ఆలస్యంగా తిన్న బిర్యానీ, పార్టీలో మేలుకోవడం కూడా కొంత కలిపి ఉంటాయి. ఇన్‌హేలర్ కొట్టిన రాత్రి అయితే అదీ పల్స్ పెంచుతుంది.

నన్ను రెండో విషయంగా కలవరపెట్టింది గురక. మందు గొంతు కండరాలను వదులు చేస్తుంది, నాలుక వెనక్కి జారుతుంది, గాలి దారి మూసుకుంటుంది. ఆక్సిజన్ పడిపోగానే మెదడు ఉలిక్కిపడి లేపుతుంది, పల్స్ ఒక్కసారి ఎగురుతుంది. ఇలా రాత్రంతా జరగొచ్చు, మీకు ఒక్కటీ గుర్తుండదు. అందుకే మీ ఆవిడను ఒక్క మాట అడగండి: గురక మధ్యలో ఊపిరి ఆగి, మళ్లీ గుటుక్కుమని మొదలవుతోందా? తాగని రాత్రుల్లోనూ అలాగే ఉందా? అవునంటే స్లీప్ స్టడీ చేయించుకోవాలి. వాచీలో ఆక్సిజన్ అంకె బాగుందని దాన్ని వాయిదా వేయకండి. నిద్ర పట్టడం లేదని మందు మీద నిద్రమాత్ర అసలు వేసుకోవద్దు, ఆ రెండూ కలిస్తే ఊపిరే మందగిస్తుంది.

ఇంకో జాగ్రత్త. తాగిన మర్నాడు హెచ్‌ఆర్‌వీ పడిపోకుండా, ఉన్నట్టుండి ఎన్నడూ లేనంత పెరిగితే సంతోషించకండి. గుండె లయ తప్పి ఏట్రియల్ ఫిబ్రిలేషన్ వచ్చినా దెబ్బల మధ్య తేడా బాగా పెరుగుతుంది, వాచీ దాన్ని మంచి అంకెలా చూపించొచ్చు. వారాంతంలో బాగా తాగినవాళ్లకి ఇలా లయ తప్పడం మాకు కొత్త కాదు. మణికట్టు మీద వేళ్లు పెట్టి ఒక నిమిషం చూడండి. పద్ధతి లేకుండా కొట్టుకుంటుంటే అదే రోజు ఈసీజీ తీయించుకోండి. ఛాతీలో నొప్పి, ఆయాసం, కళ్లు తిరిగి పడిపోవడం ఉంటే ఆలోచించకుండా ఎమర్జెన్సీకి వెళ్లండి.

రెండు వారాలు చుక్క ముట్టకుండా రీడింగ్‌లు రాసుకోండి. రోజూ తాగే అలవాటు ఉండి, మానితే చేతులు వణుకుతుంటే మాత్రం ఇది మీ అంతట మీరు చేయకండి, ముందు డాక్టర్‌ని కలవండి. తాగని శనివారాల్లో కూడా పల్స్ 57 దరిదాపుల్లోకి రాకపోతే కారణం మందు ఒక్కటే కాదు. హీమోగ్లోబిన్, థైరాయిడ్, బీపీ, ఈసీజీ చూడాలి. మిమ్మల్ని పరీక్షించకుండా ఇంతకు మించి చెప్పలేను. దగ్గర్లోని ఫిజీషియన్ దగ్గరికి వెళ్లేటప్పుడు ఆ రెండు వారాల కాగితం, మీ ఇన్‌హేలర్, వీలైతే మీ ఆవిడను కూడా వెంట తీసుకెళ్లండి. గురక సంగతి మీకంటే ఆమే బాగా చెప్పగలరు.