డాక్టరుకే ఆపరేషన్: సెలవు చీటీ ఎలా రాయాలి?

ప్రశ్న: నేను గైనకాలజిస్టుని. ఫైబ్రాయిడ్ల వల్ల పొట్ట కోసి గర్భసంచి తీయాలన్నారు. ఆరు వారాల సెలవు కావాలి. చీటీ ఎన్నిసార్లు రాసినా క్షమాపణ పత్రంలా తయారవుతోంది. ఆఫీసులో అందరి చేతుల్లో తిరిగే కాగితం మీద నా జబ్బు పేరు రాయడం ఇష్టం లేదు. నెలలు నిండుతున్న పేషెంట్లను మధ్యలో వదిలేస్తున్నానన్న టెన్షన్ ఒకటి. ఏం చేయను?

జవాబు: డాక్టరు గారూ, మీ చీటీ పొడుగవడానికి కారణం అందులో రెండు కాగితాల పని ఇరికించడమే. సెలవు అడిగేది ఒకటి, పేషెంట్లను అప్పగించేది ఇంకొకటి. వాటిని విడదీయండి. మొదటిది ఇంతే ఉంటే చాలు:

"ఫలానా తేదీన నాకు మత్తు ఇచ్చి చేసే పెద్ద ఆపరేషన్ ఉంది. దానికి ముందురోజు నుంచి 6 వారాలు వైద్య సెలవు మంజూరు చేయగలరు. సర్టిఫికెట్ జతపరిచాను. నా పేషెంట్ల బాధ్యత పగలు ఫలానా డాక్టరు, రాత్రి ఫలానా డాక్టరు తీసుకుంటున్నారు. వారి సంతకాలున్న అప్పగింత పత్రం కూడా జతపరిచాను. తిరిగి చేరే తేదీ మారేలా ఉంటే ముందుగానే తెలియజేస్తాను. ఫిట్‌నెస్ సర్టిఫికెట్‌తో విధుల్లో చేరతాను."

జబ్బు పేరు ఇందులో అక్కర్లేదు. సర్టిఫికెట్‌లోనూ "పొట్టకు పెద్ద ఆపరేషన్" అని మాత్రమే రాయమని మీ సర్జన్‌ను అడగండి. పూర్తి వివరం తప్పనిసరి అని మీ ఆసుపత్రి నియమం ఉంటే, దాన్ని సీలు వేసిన కవరులో సూపరింటెండెంటు గారికే ఇవ్వండి. "అసౌకర్యానికి చింతిస్తున్నాను" లాంటి వాక్యాలు కొట్టేయండి. "సహోద్యోగులు చూసుకుంటారు" అన్న వాక్యం మరీ ప్రమాదం. పేరు లేని చోట బాధ్యత ఎవరిదీ కాదు. రాత్రి రెండింటికి లేబర్ రూము నర్సు ఎవరికి ఫోన్ చేయాలో ఆ వాక్యం చెప్పదు.

ఇక అప్పగింత పత్రం. మీ పేషెంట్లందరినీ ఎక్కించకండి. అరవై పేర్ల జాబితాను ఎవరూ చదవరు. ఈ ఆరు వారాల్లో ఎవరి విషయంలో ఒక నిర్ణయం తీసుకోవాలో, ఎవరి తేదీ వస్తుందో వాళ్లను మాత్రమే తేదీల వరుసలో రాయండి. మామూలు చెకప్‌లు ఓపీలో ఎవరైనా చూడగలరు.

ఒక ఎంట్రీ ఎలా ఉండాలో చూడండి. 33 వారాల గర్భిణి, ఇంతకుముందు ఒక సిజేరియన్, మాయ గర్భాశయ ముఖద్వారాన్ని పూర్తిగా మూసి ఉంది అనుకుందాం. "ప్లాసెంటా ప్రీవియా, జాగ్రత్త" అని రాసి ఊరుకుంటే మీ తలలో ఉన్నది అవతలివాళ్లకు చేరదు. ఇలా రాయండి: "36, 37 వారాల మధ్య సిజేరియన్ అనుకున్నాం, అది నా సెలవులోనే వస్తుంది. పాత కుట్టు దగ్గర మాయ అతుక్కుపోయిందేమోనన్న అనుమానం ఉంది, అందుకే స్కాన్ మళ్లీ చేయించాలి. ఆపరేషన్‌కు సీనియర్ సర్జన్ ఉండాలి, రక్తం ముందే సిద్ధం చేయించాలి. మధ్యలో రక్తస్రావమైతే చేతితో లోపలి పరీక్ష చేయకుండా వెంటనే అడ్మిట్ చేయాలి." కేసు ఎంత తీవ్రమో, ఏం చేయాలో, అనుకోనిది జరిగితే ఏమిటో ఇందులో మూడూ ఉన్నాయి.

అందరూ మరిచేది ఇంకా రాని రిపోర్టులు. ముట్లు ఆగాక రక్తస్రావమైందని వచ్చిన ఒకావిడకు మీరు బయాప్సీ పంపి ఉంటారు. రిపోర్టు మీ పేరు మీదే వస్తుంది, మీరేమో మంచం మీద ఉంటారు. అందులో క్యాన్సర్ అని ఉంటే ఆ కాగితం మీ టేబుల్ మీదే పడి ఉంటుంది. అలాంటివన్నీ విడిగా రాసి, ల్యాబ్‌లో రిపోర్టు అందుకునే డాక్టరు పేరు మార్పించండి.

పత్రం ఇచ్చి వచ్చేయకుండా ఇద్దరు డాక్టర్లతో ఒకసారి కూర్చోండి. మీరు చదవకండి, వాళ్లనే ఒక్కో కేసు తమ మాటల్లో తిరిగి చెప్పమనండి. ఎక్కడ తడబడితే అక్కడ మీ రాత తక్కువైనట్టే. వీలైతే ఆ 33 వారాల అమ్మాయికి కొత్త డాక్టర్ని మీ ఓపీలోనే పరిచయం చేయండి. "మీరే చేయాలి మేడం" అని ఆమె అంటే, ఆ తేదీకి నేను ఉండను అని సూటిగా చెప్పండి. "చూద్దాంలే" అంటే ఆమె ఎదురుచూస్తుంది.

ఫోన్ సంగతి. ఆసుపత్రిలో ఉన్న రోజుల్లోనూ, నొప్పి మందుల మత్తు ఉన్నన్నాళ్లూ మీరు పేషెంట్ల గురించి నిర్ణయాలు చెప్పకూడదు. అది మీ మనసుకు నచ్చకపోవచ్చు. కానీ సగం నిద్రలో మీరిచ్చిన సలహాకు ఎవరు జవాబుదారీ? ఫోన్ ఇంట్లోవాళ్ల చేతికివ్వండి, పత్రంలో మీ నంబరు రాయకండి.

తిరిగి చేరే తేదీ, మళ్లీ ఆపరేషన్లు మొదలుపెట్టే తేదీ ఒకటే కావాలనేమీ లేదు. గంటల తరబడి నిలబడటం, బరువు ఎత్తడం ఎప్పటినుంచో మీ సర్జన్ చెబుతారు. మొదట్లో ఓపీ మాత్రమే ఇచ్చి, రాత్రి డ్యూటీ వేయవద్దని ఫిట్‌నెస్ సర్టిఫికెట్‌లోనే రాయించుకోండి. డ్యూటీ చార్టు వేసేవాళ్లకు నోటిమాట కన్నా అదే పనికొస్తుంది.