వయసు లెక్కన మాత్ర విరిచి పిల్లలకు వేయకండి

"మా పాపకి అయిదేళ్లు. వచ్చే వారం తిరుమలకు వెళ్తున్నాం, బస్సెక్కితే వాంతులు చేసుకుంటుంది. మేం వేసుకునే వాంతుల మాత్ర, జ్వరం మాత్రలనే వయసును బట్టి పావో సగమో చేసి ఇవ్వొచ్చా? దానికేదో ఫార్ములా ఉందట, నిజమేనా?"

ఫార్ములా ఉన్నమాట నిజమే. దాన్ని నమ్మి మాత్ర మాత్రం విరవకండి. నేను తిరుపతిలో ఫార్మసిస్టుని. ఘాట్ రోడ్డు ఎక్కబోయే ముందు వాంతుల మాత్ర కోసం వచ్చేవాళ్లను రోజూ చూస్తుంటాను. "పెద్దోళ్లకి నాలుగు ఇవ్వండి, పిల్లోడికి అందులోనే సగం చేసుకుంటాం" అనే మాట వింటే నాకు ఇప్పటికీ గుండె జారిపోతుంది. అది ఎందుకో చెప్తాను.

పలమనేరు నుంచి మా చిన్నాయన కొడుకు వాళ్లు కుటుంబంతో వచ్చారు, బాబుకి తలనీలాలు ఇవ్వాలని. బాబుకి నాలుగేళ్లు, బక్క పిల్లోడు. అలిపిరి దాటి మలుపులు మొదలవగానే వాంతులు పట్టుకున్నాయి. వాళ్ల దగ్గర తాతకి ఎప్పుడో కడుపుబ్బరానికి రాసిన మెటోక్లోప్రమైడ్ మాత్రలు ఉన్నాయి, ఒక్కోటి 10 మి.గ్రా. మా తమ్ముడు ఫోన్లో వెతికి ఆ ఫార్ములా పట్టాడు. పిల్లాడి వయసును, వయసుకి 12 కలిపితే వచ్చే అంకెతో భాగించాలి. అంటే 4ని 16తో భాగిస్తే పావు వంతు. గోటితో విరిచి పావు ముక్క మింగించారు. నాలుగు మలుపులు తిరిగేసరికి మళ్లీ వాంతి. మందు బయటికి పోయిందేమోనని ఇంకో పావు వేశారు.

దర్శనం చేసుకుని రాత్రికి మా ఇంటికి దిగారు. అన్నాలు తింటుంటే మరదలు కేక పెట్టింది. "బావా, పిల్లోడి మెడ ఒక పక్కకి తిరిగిపోతా ఉంది, కండ్లు పైకి పోతా ఉండాయి!" పోయి చూస్తే మెడ కుడివైపుకి కొయ్యలా బిగుసుకుపోయి ఉంది. కనుగుడ్లు పైకి ఎక్కి తెల్లగుడ్లే కనిపిస్తున్నాయి. నాలుక బయటికి తోసుకొస్తోంది, లోపలికి తీసుకోలేకపోతున్నాడు. అవ్వ గాలి తగిలిందని దిష్టి తీయబోయింది. ఇంకొకరు ఫిట్సని చేతిలో తాళాల గుత్తి పెట్టారు.

నాకు అనుమానం వచ్చింది ఒక్క విషయంతో. బాబు స్పృహలో ఉన్నాడు. పేరు పెట్టి పిలిస్తే అమ్మ వైపు చేయి చాస్తున్నాడు, ఏడుస్తున్నాడు, మాట్లాడాలని చూస్తున్నాడు, కానీ నాలుక తిరగడం లేదు. ఒళ్లంతా కొట్టుకునే ఫిట్స్‌లో పిల్లలు అలా మనల్ని గుర్తుపట్టరు. ఏం మందు వేశారని అడిగితే మా తమ్ముడు స్ట్రిప్పు తీసి చూపించాడు. ఆ స్ట్రిప్పు చేతిలో పట్టుకునే ఆసుపత్రికి పరిగెత్తాం. డాక్టరమ్మ స్ట్రిప్పు చూసింది, బరువు తూచమంది. 13 కిలోలు. ప్రొమెథజైన్ ఇంజెక్షన్ ఇచ్చిన అరగంటలోపే మెడ దానంతటదే మధ్యకి వచ్చింది. రాత్రంతా అక్కడే ఉంచుకుని పొద్దున పంపారు.

ఇప్పుడు లెక్క చూడండి. పిల్లలకు ఈ మందు అసలు అవసరమైతే ఇచ్చే మోతాదు కిలో బరువుకి 0.1 నుంచి 0.15 మి.గ్రా. 13 కిలోలకి అది 1.3 నుంచి సుమారు 2 మి.గ్రా. వరకు. ఫార్ములా చెప్పిన పావు మాత్ర 2.5 మి.గ్రా. అంటే ఫార్ములా మొదటి ముక్కతోనే గీత దాటించింది. రెండో ముక్కతో 5 అయింది. అవైనా అచ్చంగా పావులేనా? గోటితో విరిచిన నాలుగు ముక్కలు సమానంగా ఎప్పుడూ రావు, ఒకటి పెద్దది, ఒకటి పొడి.

ఇంతకంటే ముఖ్యమైన సంగతి ఇంకోటుంది. ఈ మందు మెదడులో డోపమైన్ అనే రసాయనం పనిని అడ్డుకుంటుంది. వాంతి తగ్గేది దాని వల్లే, కండరాలు ఇలా మెలితిరిగేదీ దాని వల్లే. పెద్దవాళ్ల కంటే పిల్లల్లో, కుర్రవాళ్లలో ఈ మెలితిరగడం ఎక్కువ. మోతాదు సరిగ్గా ఇచ్చినా రావచ్చు. ఐరోపా మందుల నియంత్రణ సంస్థ 2013లోనే ఏడాదిలోపు పిల్లలకు ఇది ఇవ్వొద్దంది. ఆ పై వయసు పిల్లలకు కూడా కొన్ని సందర్భాల్లోనే, అదీ వేరే మందు పనిచేయనప్పుడే వాడాలంది. పైగా ప్రయాణపు వాంతులకు ఇది పనికొచ్చే మందే కాదు. మరి భిన్నంలో ఇదంతా ఎక్కడుంది? మందుని పిల్లలకు అసలు ఇవ్వొచ్చా అన్న ప్రశ్నను ఆ ఫార్ములా అడగనే అడగదు, నేరుగా ఎంత అన్న దగ్గర మొదలెడుతుంది.

"జ్వరం మాత్ర అంత ప్రమాదం కాదు కదా" అంటారు. సరే, పారాసిటమాల్ తీసుకుందాం. దీని మోతాదు కిలోకి 10 నుంచి 15 మి.గ్రా., నాలుగు నుంచి ఆరు గంటల ఎడంతో, రోజు మొత్తం మీద కిలోకి 75 దాటకుండా. మీ పాప వయసే, అయిదేళ్లు అనుకోండి. మా షాపుకి వచ్చే అయిదేళ్ల పిల్లల్లో 13 కిలోల వాళ్లూ ఉన్నారు, 24 కిలోల వాళ్లూ ఉన్నారు. ఫార్ములాకి ఇద్దరూ ఒకటే. 500 మాత్రలో 17కి 5 వంతులు, అంటే దాదాపు 147 మి.గ్రా. బక్క పిల్లకి అది సరిపోతుంది. 24 కిలోల పిల్లకి కావాల్సింది కనీసం 240. జ్వరం దిగదు. దిగకపోతే ఇంట్లో ఏం జరుగుతుందో మీకు తెలుసు. గంటన్నరకే ఇంకో ముక్క, దాని మీద పక్కింటివాళ్లు ఇచ్చిన సిరప్పు, అందులోనూ పారాసిటమాలే.

ఇక ఫార్ములా కూడా వద్దు, కంటి అంచనాతో సగం చేద్దామనుకునేవాళ్ల సంగతి. ఇప్పుడు అందరిళ్లల్లో ఉండేది 650 మాత్ర. అందులో సగం 325. 13 కిలోల పిల్లకి కిలోకి 25 పడుతుంది. రోజుకి నాలుగుసార్లు వేస్తే 1300. ఆ పిల్లకి రోజంతటికీ దాటకూడని హద్దు 975. ఇలా రెండు మూడు రోజులు సాగితే లివర్ మీద పడుతుంది. అప్పుడు కనిపించే వాంతులు, నీరసం, తిండి వద్దనడం అన్నీ జ్వరం లక్షణాల్లాగే ఉంటాయి కాబట్టి ఇంట్లోవాళ్లు పసిగట్టలేరు.

బరువుతో భాగిస్తే సరిపోతుందా అంటే, అదీ అన్ని మందులకూ కుదరదు. థైరాయిడ్ లోపంతో పుట్టిన బిడ్డనే తీసుకోండి. పెద్దవాళ్లకు థైరాక్సిన్ కిలోకి దాదాపు 1.6 మైక్రోగ్రాములు కావాలి, 60 కిలోల మనిషికి సుమారు 100. ఆ లెక్కన 3 కిలోల పసిబిడ్డకు 5 చాలని తేలుతుంది. వయసు భిన్నంతో అయితే ఒక్క మైక్రోగ్రాము కూడా రాదు. అసలు ఆ బిడ్డకు ఇచ్చేది కిలోకి 10 నుంచి 15, అంటే 30 నుంచి 45. తక్కువ ఇస్తే మెదడు ఎదుగుదలే దెబ్బతింటుంది. దీనికి సరిగ్గా తిరగబడిన కథ క్లోరాంఫెనికాల్‌ది. నవజాత శిశువుల లివర్‌కి ఆ మందును మార్చి బయటికి పంపే శక్తి ఇంకా రాదు. అది ఒంట్లో పేరుకుపోయి, బిడ్డలు బూడిదరంగుకి తిరిగి చనిపోయిన సంగతి 1959లో వైద్య పత్రికల్లో వచ్చింది. ఒక మందుకి పసిబిడ్డ కిలోకి పెద్దవాళ్లకంటే ఎన్నో రెట్లు కావాలి, ఇంకో మందుకి చాలా తక్కువ చాలు. అందుకే ఈ భిన్నాలను మా ఫార్మసీ పాఠాల్లోంచి తీసిపారేయాలని నా గట్టి అభిప్రాయం. పరీక్షలో రెండు మార్కులకు నేర్పిస్తారు, జనం ఫోన్లో చూసి పిల్లల మీద వాడతారు.

ఇంకో బాధ కూడా ఇక్కడే చెప్పుకోవాలి. చిన్నపిల్లల చీటీల మీద బరువు రాయనివి ఎన్నో వస్తుంటాయి. "సిరప్ 5 ఎమ్మెల్" అని ఉంటుంది. ఏ సిరప్? పారాసిటమాల్ సిరప్పుల్లో 5 మి.లీ.లో 120 లేదా 125 మి.గ్రా. ఉండేవీ ఉన్నాయి, 250 ఉండేవీ ఉన్నాయి, డబ్బాలు చూడ్డానికి ఒకటే. పసిపిల్లల డ్రాప్స్‌లో అయితే ఒక్క మి.లీ.లోనే 100 ఉండొచ్చు. సిరప్ అనుకుని డ్రాప్స్ 5 మి.లీ. పోశారంటే 500 మి.గ్రా. పోసినట్టు, పెద్దవాళ్ల మాత్ర ఒకటి. వంటింటి చెంచాతో కొలవడం గురించి అయితే చెప్పనే అక్కర్లేదు, ఒక్కో ఇంట్లో ఒక్కో సైజు.

మీరు చేయాల్సింది ఇది. బయల్దేరే ముందు పాపను తూకం మీద నిలబెట్టి బరువు రాసుకోండి. జ్వరానికి పిల్లల సిరప్పే తీసుకుని, 5 మి.లీ.లో ఎన్ని మి.గ్రా. ఉందో సీసా మీద చదవండి. పాప 17 కిలోలు ఉందనుకుంటే ఒక్క డోసు 170 నుంచి 255. 250 సిరప్ అయితే 4 మి.లీ.లో 200 వస్తుంది, 120 సిరప్ అయితే దాదాపు 8 మి.లీ. పోయాలి. సీసాతో వచ్చే గీతల మూతతోనో, సూది లేని సిరంజితోనో కొలవండి. ఎన్ని గంటలకు ఇచ్చారో ఫోన్లో రాసుకోండి, లేకపోతే మీరొకసారి, వాళ్ల నాన్నొకసారి పోసేస్తారు.

వాంతుల మందు మాత్రం మీ పిల్లల డాక్టరును బరువు చెప్పి అడిగి రాయించుకోండి. ఏ మందు, ఎంత, ప్రయాణానికి ఎంత ముందు వేయాలి, వాంతి చేసుకుంటే మళ్లీ వేయొచ్చా, ఈ నాలుగూ అడగండి. ఇంట్లో రెండేళ్లలోపు చంటిబిడ్డ కూడా ఉంటే ప్రొమెథజైన్ ఉన్న మందు దరిదాపులకు రానివ్వకండి, ఆ వయసులో ఊపిరి మందగించే ప్రమాదం ఉంది. ఎక్కే ముందు కడుపునిండా పూరీలు పెట్టకండి, రెండు ఇడ్లీలు చాలు. బస్సులో ముందు సీట్లలో, కిటికీ పక్కన, చూపు ఎదురుగా రోడ్డు మీదుండేలా కూర్చోబెట్టండి, చేతికి ఫోన్ ఇవ్వకండి. రెండు కవర్లు, ఒక తడిగుడ్డ దగ్గర పెట్టుకోండి.