స్ట్రీట్ ఫుడ్ టూర్ వీడియోకి ఏ చోటు, ఏ తేదీ పెట్టాలి?

ప్రశ్న: "మాది శ్రీకాకుళం. ఇక్కడా, విజయనగరంలోనూ బండ్ల మీద దొరికే టిఫిన్లు, చాట్‌ల మీద టూర్ వీడియోలు చేసి యూట్యూబ్‌లో పెడుతున్నాను. స్టూడియోలో Recording date and location అని ఉంటుంది కదా, ఒకే వీడియోలో ఐదారు బండ్లు ఉంటే అక్కడ ఏం పెట్టాలి? దగ్గర్లో ఉండి వెతికేవాళ్లకు అది నిజంగా పనికొస్తుందా?"

పనికొస్తుంది. కానీ తప్పు పెట్టడం కంటే ఖాళీగా వదిలేయడమే నయం. నేను రెండు తప్పులు చేసి నేర్చుకున్నాను, ఒకటి చోటు విషయంలో, ఇంకొకటి తేదీ విషయంలో.

మాది విజయనగరం. మొదటి పునుగుల వీడియో పెట్టినప్పుడు Video location గడిలో vijayanagar అని కొట్టి, జాబితాలో పైనున్న పేరు నొక్కేశాను. రెండు రోజులకు ఎవరో కామెంట్‌లో అడిగారు, ఈ బండి మెట్రో స్టేషన్‌కి ఏ పక్కన ఉందని. మన ఊళ్లో మెట్రో ఎక్కడిది? తెరిచి చూస్తే నేను పెట్టింది బెంగళూరులోని విజయనగర్. పాపం ఆయన తన పేటలోనే ఉందనుకుని వెతుక్కున్నాడు. మనం తెలుగులో విజయనగరం అని రాసినా, మ్యాపులో మన ఊరు Vizianagaram. ఆ స్పెల్లింగే కొట్టాలి, పేరు పక్కన Andhra Pradesh అని కనబడ్డాకే నొక్కాలి. మీ శ్రీకాకుళంలోనూ ఈ చిక్కు ఉంది. ఏడు రోడ్ల జంక్షన్ మీకే కాదు, కడపలోనూ ఏడు రోడ్ల కూడలి ఉంది. Seven Roads అని మాత్రమే కొట్టి ఊరు చూసుకోకపోతే రాష్ట్రం ఆ చివరకు పోతారు. వెతికేటప్పుడే పక్కన Srikakulam అని కూడా కొట్టండి.

ఇక ఐదారు బండ్ల సంగతి. ఆ గడిలో ఒక్క చోటే పడుతుంది. అందుకని నేను ముందు చూసేది ఆ బండ్ల మధ్య నడిచి వెళ్లగలమా లేదా అని. గంటస్తంభం దగ్గర మొదలుపెట్టి మూడు లాంతర్లు మీదుగా కోట వరకు తింటూ పోయామనుకోండి, అదంతా ఒకటే తిరుగుడు. అప్పుడు ఎక్కువసేపు చూపించిన బండికి దగ్గర్లో, జనానికి బాగా తెలిసిన గుర్తు ఏదుంటే అది పెడతాను. బండికి మ్యాపులో పేరుండదు కాబట్టి బండి పేరు కోసం వెతకడం దండగ. అలా కాకుండా పొద్దున విజయనగరంలో, సాయంత్రం శ్రీకాకుళంలో తిన్నది ఒకే వీడియోగా కలిపితే ఏ ఊరు పెట్టినా సగం అబద్ధమే. దాన్ని రెండు వీడియోలు చేయండి. పొడవు తగ్గుతుందని నేనూ మొదట ఒప్పుకోలేదు. కానీ అరసవల్లి దర్శనానికి వచ్చి టిఫిన్ కోసం వెతికే మనిషికి విజయనగరం బండితో ఏం పని?

తేదీ దగ్గర జరిగిన పొరపాటు ఇంకా చిన్నది, ఇంకా కష్టంగా దొరికింది. మా ఊరి పైడితల్లమ్మ జాతరలో సిరిమాను దసరా తర్వాత వచ్చే మంగళవారం తిరుగుతుంది, ముందురోజు తొలేళ్లు. 2025లో తొలేళ్లు అక్టోబర్ 6, సిరిమాను 7. తొలేళ్ల రాత్రంతా తిరిగి, తెల్లవారుజామున 4:40కి ఒక ఇడ్లీ బండి దగ్గర తీశాను. ఆవిడ మూత తీయగానే ఆవిరికి లెన్సు మసకబారింది, ఆ ముక్క ఇప్పటికీ వీడియోలో ఉంది. అంటే తీసింది 7వ తేదీన. ఎడిట్ చేసి 12న ఎక్స్‌పోర్ట్ చేశాను, 14న అప్‌లోడ్ చేశాను. తేదీ గుర్తులేక ఎడిట్ చేసిన ఫైల్ వివరాలు చూస్తే 12 అని ఉంది. సరే, అసలు ఫైల్ చూద్దామని, ఫైల్ లోపలి వివరాలు చూపించే exiftool అనే ప్రోగ్రామ్‌తో ఇలా చూశాను:

```
exiftool -CreateDate -GPSCoordinates VID_20251007_044012.mp4
```

అందులో 2025:10:06 23:10 అని వచ్చింది. ఫైల్ పేరులో 7, లోపల 6. కారణం ఏమిటంటే, ఫోన్లు సాధారణంగా వీడియో లోపల సమయాన్ని యూటీసీ అనే ప్రపంచ ప్రామాణిక సమయంలో రాస్తాయి, మన టైమ్ దానికంటే ఐదున్నర గంటలు ముందుంటుంది. 23:10కి ఐదున్నర కలిపితే తెల్లవారి 4:40, అంటే 7వ తేదీ. కాబట్టి అర్ధరాత్రి నుంచి పొద్దున ఐదున్నర లోపు తీసిన ప్రతి వీడియోకీ లోపలి తేదీ ఒక రోజు వెనక్కి కనబడుతుంది. తెల్లవారుజామున తెరిచే టిఫిన్ బండ్లు తీసేవాళ్లకు ఇది తరచూ తగిలేదే. చాలా ఫోన్లలో ఫైల్ పేరులో ఉండేది మన టైమే, కానీ PXL_ అని మొదలయ్యే పేర్లలో ఉండేది కూడా యూటీసీయే. కెమెరా సెట్టింగ్స్‌లో లొకేషన్ ఆన్ చేసి తీస్తే, పై కమాండ్‌లోనే అక్షాంశం, రేఖాంశం కూడా వస్తాయి. విజయనగరమైతే సుమారు 18.11, 83.40, శ్రీకాకుళమైతే 18.30, 83.90 దగ్గర్లో ఉండాలి. వాట్సాప్‌లో తెప్పించుకున్న క్లిప్పును మాత్రం దేనికీ నమ్మకండి, ఈ వివరాలు అందులో సాధారణంగా మిగలవు.

ఒక్క రోజు తేడాకి ఇంత పట్టుదల ఎందుకంటే, తొలేళ్లకీ సిరిమానుకీ వెలిసే బండ్లలో చాలావరకు ఆ తర్వాత అక్కడ ఉండవు. తేదీ సరిగ్గా ఉంటే, వచ్చే ఏడాది నెల్లిమర్ల నుంచో బొబ్బిలి నుంచో వచ్చేవాళ్లు ఇది జాతర బండి అని తెలుసుకుంటారు. తాటి ముంజలూ అంతే, మేలో తీసింది ఆగస్టులో పెడితే చూసినవాళ్లు వెళ్లి ఉత్తచేతులతో వస్తారు. అయితే ఒక ఇబ్బంది ఉంది. వీడియో పేరు కింద జనానికి కనిపించేది అప్‌లోడ్ తేదీ, గడిలో మీరు పెట్టిన తేదీ కాదు. అందుకే అదే సంగతి డిస్క్రిప్షన్ మొదటి రెండు లైన్లలో మాటల్లో కూడా రాస్తాను. "7 అక్టోబర్ 2025, సిరిమాను రోజు తెల్లవారుజామున తీసింది. విజయనగరం గంటస్తంభం నుంచి కోట వైపు వెళ్తే ఎడమ చేతి వైపు." పేరులో ఊరు, తిండి పేరు రెండూ ఉండాలి. ఎక్కువమంది వెతికేది "విజయనగరం ఇడ్లీ" అన్న మాటలతోనే, ఆ గడి దానికి తోడు మాత్రమే. మిగతా బండ్లను చాప్టర్లుగా పెట్టి, ఒక్కోదాని పక్కన దాని గుర్తు రాయండి. మొదటి చాప్టర్ 0:00 దగ్గర మొదలవ్వాలి, కనీసం మూడు ఉండాలి, ఒక్కోటి పది సెకన్లకు తగ్గకూడదు.

పాత వీడియోలకు మళ్లీ అప్‌లోడ్ అక్కర్లేదు. స్టూడియోలో Content లోకి వెళ్లి ఆ వీడియో వివరాలు తెరిచి, కింద Show more నొక్కితే ఈ రెండు గడులూ వస్తాయి. మార్చి Save చేస్తే చాలు. నేనైతే ముందు జాతర వీడియోలు, తర్వాత ముంజలవి సరిచేసుకున్నాను. రోజూ అదే చోట ఉండే బండ్లవి చివర్లో చూశాను.