డాక్టర్ సలహా: కడుపు ఉబ్బరం తగ్గట్లేదా? ఓవరీలు కూడా చూపించుకోండి

ప్రశ్న: నా వయసు 47. మూడు నెలలుగా కడుపు ఉబ్బరం. నాలుగు ముద్దలు తినగానే నిండిపోతోంది. ఎండోస్కోపీ నార్మల్ వచ్చింది. మెడికల్ షాపులో అడిగి తెచ్చుకున్న గ్యాస్ మాత్ర వేసుకుంటే రెండు రోజులు బాగుంటుంది, మళ్లీ మామూలే. పదేళ్ల కిందట గర్భసంచి తీసేశారు. ఆ మాత్ర రోజూ వాడొచ్చా? ఇంకా మంచిది ఏదైనా ఉంటే చెప్పండి. – ఒక సోదరి, ఖమ్మం

జవాబు: మాత్ర సంగతి తర్వాత చూద్దాం అమ్మా. ముందు మీ ఆపరేషన్ నాటి డిశ్చార్జి కాగితం వెతకండి. గర్భసంచితో పాటు ఓవరీలు కూడా తీశారా లేదా అన్నది అందులో ఉంటుంది. నలభై లోపు వాళ్లకు హార్మోన్లు ఆగిపోకూడదని మామూలుగా ఓవరీలను ఉంచేస్తారు. మన దగ్గర చిన్న వయసులోనే గర్భసంచి తీయించుకున్నవాళ్లు చాలామంది. అన్నీ తీసేశారు, ఇక ఆడవాళ్ల జబ్బులేవీ రావన్న ధీమాతో ఉంటారు. ఓవరీలు మిగిలి ఉంటే వాటిలో గడ్డ రావచ్చు.

గ్యాస్ వల్ల వచ్చే ఉబ్బరం వస్తూ పోతూ ఉంటుంది. సాయంత్రానికి పెరిగినా, పొద్దున లేచేసరికి చాలామందికి తగ్గుతుంది. మాకు అనుమానం కలిగించేది వేరే రకం. ఇంతకుముందు లేని ఉబ్బరం కొత్తగా మొదలై, నెలలో 12 రోజులకు మించి ఉండి, పోనుపోను పెరుగుతుంటే దాన్ని తేలిగ్గా తీసుకోం. లంగా బొందు బిగుతవుతుంటే చేతి గాజులు వదులవుతాయి. మూత్రం మాటిమాటికీ వస్తుంటే షుగరేమో అనుకుంటారు. మీకు ఇవి ఉన్నాయో లేదో మీరు రాయలేదు, గమనించండి.

ఓవరీ గడ్డ పొత్తికడుపులో పెరుగుతుంది. అక్కడ చోటు ఎక్కువ కాబట్టి చాలాకాలం నొప్పి తెలియదు. అది క్యాన్సర్ అయితే దాని కణాలు పొట్ట లోపలి పొర మీద, పేగుల ముందు పరుచుకుని ఉండే కొవ్వు పొర మీద పడి నీరు చేరేలా చేస్తాయి. ఆ నీరు, గట్టిపడిన ఆ పొర జీర్ణాశయాన్ని సాగనివ్వవు. అలాంటప్పుడు నాలుగు ముద్దలకే నిండినట్టు ఉంటుంది. ఎండోస్కోపీలో కనిపించేది జీర్ణాశయం లోపలి గోడ. బయట నుంచి నొక్కేది దానికి దొరకకపోవచ్చు, కాబట్టి ఆ రిపోర్టు చూసి నిశ్చింతగా ఉండకండి.

ఇదంతా చదివి టెన్షన్ పడొద్దు. ఇలా వచ్చేవాళ్లలో ఎక్కువమందికి క్యాన్సర్ ఉండదు. మిమ్మల్ని చూడకుండా ఉందనీ లేదనీ నేను చెప్పలేను. గైనకాలజిస్టు పొట్ట తట్టి చూసి, లోపలి పరీక్ష చేసి, పొట్ట, పొత్తికడుపు స్కానింగ్ రాస్తారు. యోని ద్వారా చేసే స్కానింగ్‌కు సిగ్గుపడకండి, ఓవరీలు అందులోనే బాగా కనిపిస్తాయి. రిపోర్టులో ‘ఓవరీలు కనిపించలేదు’ అని ఉంటే ఓవరీలు బాగున్నాయని అర్థం కాదు. పేగుల్లో గ్యాస్ అడ్డొచ్చినా అలాగే రాస్తారు. దాని గురించి డాక్టరును గట్టిగా అడగండి.

సీఏ-125 అనే రక్తపరీక్ష కూడా రాయొచ్చు. 35 దాటితే ఎక్కువ అంటాం. కానీ ఆ ఒక్క అంకెను పట్టుకుని ఏడవకండి, సంబరపడకండి. గర్భసంచి లోపలి పొర లాంటిది బయట పెరిగే ఎండోమెట్రియోసిస్, లివర్ జబ్బు, మన దగ్గర తరచూ చూసే పొట్ట టీబీలో కూడా అది పెరుగుతుంది. మరోవైపు, తొలి దశ ఓవరీ క్యాన్సర్ ఉన్నవాళ్లలో సుమారు సగం మందికి అది నార్మల్‌గానే ఉండొచ్చు. స్కాన్‌లో అనుమానపు గడ్డ కనిపిస్తే, నీళ్లగడ్డే కదా, సూదితో లాగేద్దామని ఎవరైనా అంటే ఒప్పుకోకండి. క్యాన్సర్ అయితే అది పొట్టలో చిందే ప్రమాదం ఉంది. ఆపరేషన్ కావాలంటే ఆడవాళ్ల క్యాన్సర్లు చూసే గైనిక్ ఆంకాలజిస్టు చేతిలోనే జరగాలి. మీ అమ్మవైపు గానీ నాన్నవైపు గానీ రొమ్ము, ఓవరీ క్యాన్సర్లు ఉంటే మొదటి రోజే డాక్టరుకు చెప్పండి.

ఇక మీ మాత్ర. కోప్పడుతున్నానని అనుకోవద్దు, మూడు నెలలు మెడికల్ షాపు వాళ్లను అడిగి మాత్రలు మింగడం మాత్రం తప్పే. అసిడిటీ మాత్ర ఆమ్లాన్ని తగ్గిస్తుంది, పొట్టలో నీటినీ గడ్డనూ ఏమీ చేయలేదు. రెండు రోజులు హాయిగా ఉండేసరికి ‘గ్యాసేలే’ అని మరో నెల గడిపేస్తారు. నా దగ్గరికి ఆలస్యంగా వచ్చే వాళ్ల సంచిలో ఖాళీ స్ట్రిప్పులే ఎక్కువ, స్కాన్ రిపోర్టు ఒక్కటీ ఉండదు. పరీక్షలు అయ్యేదాకా కొత్త మాత్ర నేను చెప్పను. డాక్టరు రాసి ఇచ్చింది వాడుతుంటే ఆయన్ని అడగకుండా ఆపకండి.

ఈ వారంలోనే చూపించుకోండి. పొట్ట ఒక్కసారిగా బిగుసుకుని వాంతులైనా, విరేచనం, గ్యాస్ రెండూ ఆగిపోయినా, పడుకుంటే ఆయాసం వచ్చినా అపాయింట్‌మెంట్ కోసం చూడకుండా ఎమర్జెన్సీకి వెళ్లండి.